వీడియో మధ్యలో స్పాన్సర్ మాట: చూసేవాళ్ళకి పనికొచ్చేలా, కంపెనీ ఒప్పుకునేలా రాయడం

(భీమవరంలో వీడియోలు చేసేవాళ్ళ కోసం జరిగిన ప్రసంగం. రానివాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ నుంచి ఎక్కించినది.)

అందరికీ నమస్కారం అండి. ఆకివీడు నుంచి, పాలకొల్లు నుంచి, నరసాపురం వైపు నుంచి కూడా వచ్చారు. మీలో ఎక్కువమంది చెరువుల మీదే వీడియోలు చేస్తున్నారు కాబట్టి, ఇవాళ ఉదాహరణ కూడా చెరువు గట్టు మీద నుంచే తీసుకుందాం. ఒకే ఒక్క వీడియో, ఒకే ఒక్క స్పాన్సర్. దాన్ని మొదటి నుంచి చివరి దాకా విప్పి చూద్దాం.

వీడియో పదకొండు నిమిషాలు అనుకోండి. విషయం: తెల్లారగట్ల రొయ్యలు పైకి తేలితే ఏం చేయాలి. స్పాన్సర్ ఎవరు? నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచే మీటరు అమ్మే కంపెనీ. మనం డీఓ మీటరు అంటాం కదా, అదే. కంపెనీవాళ్ళు మెయిల్‌లో ఒక కాగితం పంపుతారు, బ్రీఫ్ అంటారు దాన్ని. అందులో ఏముంటుంది? కంపెనీ పేరు, ఎన్నేళ్ళ అనుభవం. ఆప్టికల్ ప్రోబ్. టెంపరేచర్ తనే సరిచూసుకుంటుంది. సాలినిటీ సెట్టింగ్ ఉంది. నీళ్ళలో పడినా పాడవదు. ఏడాది వారంటీ. కోడ్ వాడితే పది శాతం తగ్గింపు. ఆఖర్న ఒక లైను: ‘ఈ మీటరు ఉంటే మీ చెరువులో మరణాలు ఉండవు’. ఇవన్నీ తొంభై సెకన్లలో చెప్పాలి, మొదటి నిమిషంలోనే రావాలి, మేము పంపే ముప్పై సెకన్ల యాడ్ క్లిప్ కూడా మధ్యలో వేయాలి.

ఇప్పుడు మీరే చెప్పండి. ఇది ఇలాగే చదివితే ఎవరు వింటారు? తెల్లారగట్ల గట్టు మీద నిలబడి, రొయ్యలు తేలుతుంటే ఫోన్ తీసి వీడియో పెట్టిన రైతు వింటాడా? వినడు. తోసేస్తాడు. తోసేస్తే కంపెనీకి మాత్రం ఏమొచ్చింది? అందుకని ఈ కాగితాన్ని మొత్తం ఒప్పేసుకోకూడదు, మొత్తం కాదనకూడదు. విడగొట్టాలి.

ఎలా విడగొట్టాలి? ప్రతి లైను పక్కన ఒక గుర్తు పెట్టండి. కెమెరాకి చూపించగలిగేది ఒక గుర్తు. నోటితో చెప్పక తప్పనిది ఒక గుర్తు. కింద డిస్క్రిప్షన్‌లో రాస్తే సరిపోయేది ఒక గుర్తు. సాలినిటీ సెట్టింగ్ చూపించవచ్చు. ప్రోబ్ నీళ్ళలోకి దింపడం చూపించవచ్చు. అది నీళ్ళలో ఉండటం కనిపిస్తూనే ఉంటుంది, మళ్ళీ నోటితో చెప్పడం ఎందుకు? పేరు, తగ్గింపు కోడ్ నోటితో చెప్పాలి. వారంటీ, టెంపరేచర్ సంగతి, ఎన్నేళ్ళ కంపెనీ అన్నది కింద రాయొచ్చు. అప్పుడు కంపెనీవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: ‘చూసినవాడు రేపొద్దున ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటే, అది ఏది కావాలి మీకు?’ ఏడు పాయింట్లు పంపినవాళ్ళు కూడా ఈ ప్రశ్నకి ఒక్కటే చెప్పాలి. చెప్పించండి. మన ఉదాహరణలో ‘అడుగున ఉన్న ఆక్సిజన్ ఎంతో గట్టు మీదే తెలుస్తుంది’ అని చెప్పారనుకుందాం. ఇక మన సెగ్మెంట్ అంతా ఆ ఒక్క ముక్క చుట్టూ తిరగాలి.

ఆ ‘మరణాలు ఉండవు’ అన్న లైను సంగతి వేరే చెప్పుకోవాలి. మీటరు కొలుస్తుంది అంతే. ఏరేటరు వేసేది మనిషి. కొలిచే వస్తువు రొయ్యని ఎలా బతికిస్తుందండీ? పైగా ఇది ఇష్టాయిష్టాలకి సంబంధించిన మాట కాదు, చట్టానికి సంబంధించిన మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి కంపెనీకే కాదు, దాన్ని చెప్పినవాళ్ళకి కూడా పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఏడాది పాటు ఏ ప్రకటనా చేయకుండా ఆపవచ్చు. మళ్ళీ చేస్తే యాభై లక్షలు, మూడేళ్ళు. అదే చట్టంలో ఇంకో మాట ఉంది, అది మనకి అండ: చెప్పినవాళ్ళు తగిన జాగ్రత్త తీసుకుని నిజమో కాదో ముందే చూసుకున్నారని తేలితే వాళ్ళకి శిక్ష లేదు. కాబట్టి ప్రతి గట్టి మాటకీ ‘దీనికి ఆధారం పంపండి’ అని మెయిల్‌లోనే అడగండి. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. జవాబు దాచుకోండి. అదే చట్టం కింద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల్లో ఇంకోటి కూడా ఉంది: చెప్పే మాట మీ నిజమైన అభిప్రాయం అయి ఉండాలి, ఆ వస్తువు గురించి తగినంత తెలిసి గానీ, వాడి గానీ చెప్పాలి. అంటే మీటరు డబ్బా చేతిలో పట్టుకుని ఫొటోకి నిలబడితే చాలదు. నాలుగు రోజులు తెల్లారగట్ల దించి చూడాలి.

మందులమ్మే కంపెనీలు కూడా మీ దగ్గరికి వస్తాయి. తెల్లమచ్చ తగ్గిస్తామనే బ్రీఫ్ వస్తే ఎన్ని మార్పులు చేసినా అది మంచి సెగ్మెంట్ అవ్వదు. తెల్లమచ్చ వైరస్‌కి మందు లేదు. ఆ డబ్బు వదిలేయండి.

సరే. ఇప్పుడు ఎక్కడ పెట్టాలి? కంపెనీ మొదటి నిమిషం అడిగింది. ఎందుకు అడుగుతారు? చివరికి వెళ్ళేకొద్దీ చూసేవాళ్ళు తగ్గిపోతారని. వాళ్ళ భయం సబబే. కానీ మన వీడియో మొదటి నిమిషంలో రైతు ఏం కోసం వచ్చాడు? రొయ్యలు తేలాయి, ఇప్పుడేం చేయాలి. ముందు ఆ జవాబు ఇచ్చేయాలి: ఉన్న ఏరేటర్లన్నీ వేయండి, మేత ఆపండి. అది మొదటి రెండు నిమిషాల్లో అయిపోవాలి. తర్వాత రెండు నిమిషాలు ఎందుకిలా జరిగిందో చెబుతాం. పగలు నీళ్ళలోని పచ్చదనం ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే పచ్చదనం, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత, అన్నీ కలిసి ఆక్సిజన్ తాగేస్తాయి. అందుకే సూర్యుడు రాకముందు అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది. ఇది వినగానే రైతు మనసులో ఒక ప్రశ్న పుడుతుంది చూడండి: ‘మరి ఎంత పడిందో నాకెలా తెలుస్తుంది?’ స్పాన్సర్ చోటు అదే. ఆ ప్రశ్న పుట్టిన క్షణం. మన లెక్కలో నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర.

కంపెనీకి ఇది ఎలా చెప్పాలి? ‘మొదటి నిమిషం కుదరదు’ అనొద్దు. ‘మొదటి సగంలోనే వస్తుంది, ఐదో నిమిషం దాటదు, పైగా చూసేవాడికి మీ వస్తువు అవసరం తెలిసిన చోట వస్తుంది’ అని టైము రాసి చెప్పండి. అంకె రాస్తే వాళ్ళ పైవాళ్ళకి చూపించుకోగలరు.

వాళ్ళు పంపిన యాడ్ క్లిప్ సంగతి తేలిక. కంపెనీ తయారు చేసిన ప్రకటన వీడియోని మన వీడియో మధ్యలో అతికించడం యూట్యూబ్ నియమాల్లోనే కుదరదు. ఆ నియమం చూపించి కాదనండి, ఎవరికీ నొప్పి ఉండదు.

ఇక రాత. ఇక్కడ నిదానంగా వెళ్దాం. ముందు చెడ్డ సెగ్మెంట్ ఎలా ఉంటుందో వినండి. ‘వీడియోలోకి వెళ్ళేముందు ఈరోజు మన స్పాన్సర్ గురించి చెప్పుకుందాం. మీ ఆక్వా ప్రయాణంలో విశ్వసనీయ భాగస్వామి అయిన ఫలానా కంపెనీ అత్యాధునిక ఆప్టికల్ సాంకేతికతతో...’ ఆపేద్దాం. ఇందులో తప్పు ఏంటి? మొదటి వాక్యమే ‘ఇది మీకోసం కాదు, కాసేపు ఆగి రండి’ అని చెప్పింది. రెండో వాక్యం ఏ రైతూ గట్టు మీద మాట్లాడని భాష. ఎక్కడో రాసింది తెలుగులోకి దించి పంపారు. మీ గొంతు రోజూ వినేవాళ్ళకి ఆ ఒక్క వాక్యంలోనే తెలిసిపోతుంది, ఈ మాట మీది కాదని.

ఇప్పుడు ఇంకో రకంగా. కెమెరా గట్టు మీదే ఉంది, చీకటి, తలకి లైటు కట్టుకుని ఉన్నారు. ఇలా రాద్దాం:

‘ఎంత పడిందో కంటికి కనపడదు కదండీ. దించి చూద్దాం. ఈ మీటరు కంపెనీవాళ్ళు ఈ భాగానికి డబ్బులిచ్చారు, ఇది ప్రకటన. మీటరు పేరు ఫలానా. ముందు మీ చెరువు సాలినిటీ ఇందులో పెట్టాలి. పెట్టకపోతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, బాగానే ఉందనుకుని మీరు వెళ్ళి పడుకుంటారు. ఇదిగో, పైపైన... నాలుగు పాయింట్ ఆరు. ఇప్పుడు అడుక్కి దింపుతున్నా. అంకె కుదురుకునేదాకా ఆగండి... మూడు పాయింట్ ఒకటి. రొయ్య ఉండేది పైన కాదు, ఇక్కడ. ఒక్క చెరువే ఉండి, పక్క రైతు మీటరు అడిగితే దొరికేవాళ్ళు ఇది కొనక్కర్లేదు. నాలుగైదు చెరువులు చూసుకునేవాళ్ళకి పనికొస్తుంది. లింకు కింద మొదటి లైనులో ఉంది, కోడ్ తెర మీద ఉంది, పది శాతం తగ్గుతుంది, ఎప్పటిదాకా అన్నది కింద రాశాను. సరే, అడుగున మూడు పాయింట్ ఒకటి వచ్చింది. ఇప్పుడు ఏ మూల ఏరేటరు ముందు వేయాలి?’

నిదానంగా, అంకెలు కుదురుకునే ఖాళీలతో కలిపి చదివితే డెబ్భై సెకన్ల చుట్టూ వస్తుంది. మీరు ఇంటికెళ్ళి గడియారం పెట్టుకుని పైకి చదవండి. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువే వస్తుంది. కంపెనీ తొంభై అడిగింది కదా అని సాగదీయొద్దు. ఒప్పందంలో ‘అరవై నుంచి తొంభై’ అని రాయించుకోండి.

ఇప్పుడు ఇందులో ఏం చేశామో చూడండి. మొదటి వాక్యం రైతు మనసులో ఉన్న ప్రశ్నే. రెండో ఊపిరికల్లా ఇది ప్రకటన అని చెప్పేశాం. కొంతమంది ‘సహజంగా కలిసిపోవాలి’ అంటే ప్రకటన అని తెలియకుండా ఉండాలనుకుంటారు. కాదండి. కలిసిపోవాల్సింది విషయం. డబ్బు తీసుకున్న సంగతి విడిగా, స్పష్టంగా కనపడాలి. ప్రకటనల ప్రమాణాల మండలి, ఆస్కీ అంటాం, వాళ్ళ నియమాలు 2021 జూన్ 14 నుంచి అమల్లో ఉన్నాయి. రెండు నిమిషాలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న వీడియోలో, బ్రాండు గురించి మాట్లాడుతున్నంతసేపూ తెర మీద ఇది ప్రకటన అనే గుర్తు ఉండాలి. అంటే మన డెబ్భై సెకన్లూ మూలన ‘ప్రకటన’ అని ఉంటుంది. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం వీడియోలో అయితే డిస్క్రిప్షన్‌లో రాస్తే చాలదు, వీడియోలోనే కనపడాలి, వినపడాలి కూడా. మీరు తెలుగులో చెబుతుంటే గుర్తు కూడా తెలుగులోనే పెట్టండి. ఇక అప్‌లోడ్ చేసేటప్పుడు యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ ఉందని టిక్ పెట్టే చోటు ఉంది. అది పెడితే వీడియో మొదట్లో కొన్ని సెకన్లు ఒక మాట కనిపిస్తుంది. అది మన గుర్తుకి బదులు కాదు. రెండూ ఉండాలి.

తర్వాత సాలినిటీ మాట. ఇది బ్రీఫ్‌లో ‘సాలినిటీ సెట్టింగ్ ఉంది’ అని గొప్పగా రాసిన పాయింటే. మనం దాన్ని జాగ్రత్తగా మార్చాం. ఉప్పు నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది కాబట్టి, మీటరుకి ఆ సంగతి చెప్పకపోతే ఎక్కువ చూపిస్తుంది. ఈ ముక్క విన్న రైతు ఏ కంపెనీ మీటరు వాడుతున్నా లాభపడతాడు. వేరే మీటరు ఉన్నవాడు కూడా వెళ్ళి తన సెట్టింగ్ చూసుకుంటాడు. కొననివాడికి కూడా సెగ్మెంట్‌లో ఒక పని దొరకాలి, చూసేవాడు తోసేయకుండా ఆగేది దాని కోసమే. పైన ఒక అంకె, అడుగున ఒక అంకె చూపించడం కూడా అలాంటిదే. కంపెనీ గుర్తుండాలన్న ఒక్క ముక్క ఏంటి? అడుగున ఎంతో తెలియాలి. నోటితో ఆ వాక్యం ఎక్కడా అనలేదు. చేసి చూపించాం.

ఆ నాలుగు పాయింట్ ఆరు, మూడు పాయింట్ ఒకటి అన్నవి నేను ఇక్కడ చెప్పడానికి పెట్టినవే. మీ స్క్రిప్టులో అంకెల చోట ఖాళీ వదిలేయండి. షూటింగ్ రోజు మీటరు ఏం చూపిస్తే అది చదవండి. స్క్రిప్టులో ముందే అంకె రాస్తే, అది వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ దించాలనిపిస్తుంది. అది అబద్ధం వైపు మొదటి అడుగు. ఒకవేళ ఆ రోజు అడుగున కూడా ఐదు వచ్చిందనుకోండి? అదే చెప్పండి, ఇవాళ బాగుంది, నాలుగు కిందికి వస్తే జాగ్రత్తపడాలి, మూడు కిందికి అంటే ప్రమాదం అని చెప్పి ముందుకెళ్ళండి. చిన్న పని మాట: చీకట్లో మీటరు తెర మీద తల లైటు పడితే అంకె తెల్లగా మెరిసి కనపడదు. లైటు పక్కకి తిప్పి, అంకెని దగ్గరగా మూడు సెకన్లు కదలకుండా పట్టుకుని విడిగా తీసుకోండి. కంపెనీవాళ్ళు మొదట వెతికే షాట్ అదే.

‘ఇది కొనక్కర్లేదు’ అన్న వాక్యం దగ్గర కంపెనీ ఆగుతుంది. తప్పకుండా ఆగుతుంది. తీసేయమంటారు. ఏం చెప్పాలి? అవసరం లేనివాడు కొంటే వెనక్కి పంపుతాడు, కింద కామెంట్ పెడతాడు. ఎవరికి పనికొస్తుందో చెబితే ఆ నాలుగైదు చెరువులవాడు తన గురించే అంటున్నారని వింటాడు. ఇలా కారణం రాయండి. అయినా ఒప్పుకోకపోతే ఒక మెట్టు దిగవచ్చు: ‘నాలుగైదు చెరువులు చూసుకునేవాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది’ అని ఉంచి, ముందు సగం తీసేయండి. అర్థం నిలబడుతుంది. సాలినిటీ జాగ్రత్త తీసేయమంటే మాత్రం దిగొద్దు. అది తీస్తే రైతు తప్పు అంకె నమ్ముతాడు.

తగ్గింపు ఎప్పటిదాకా అన్నది నోటితో చెప్పలేదు, గమనించారా? ధర కూడా చెప్పలేదు. ఒకసారి పెట్టిన వీడియోలో ముక్క కత్తిరించవచ్చు గానీ, మాట మార్చలేం. వీడియో రెండేళ్ళ తర్వాత కూడా ఎవరో చూస్తారు. మారేవన్నీ డిస్క్రిప్షన్‌లో ఉండాలి, అక్కడ ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. కోడ్‌ని అక్షరాలు చదవకుండా తెర మీద వేయండి.

ఆఖరి వాక్యం చూడండి: ‘ఇప్పుడు ఏ మూల ఏరేటరు ముందు వేయాలి?’ సెగ్మెంట్‌లో వచ్చిన అంకెతోనే అసలు వీడియోలోకి వచ్చేశాం. ‘సరే, ఇక వీడియోలోకి వెళ్దాం’ అనాల్సిన పని పడలేదు. ఒక్క జాగ్రత్త. తర్వాత మళ్ళీ మీటరు చేత్తో పట్టుకుని బ్రాండు కనపడేలా మాట్లాడితే, ఆ గుర్తు మళ్ళీ వేయాలి.

ఇక కంపెనీకి ఎలా పంపాలి? మామూలు పేరాలాగా పంపితే వాళ్ళు ప్రతి వాక్యాన్నీ తిరగరాస్తారు. మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో తెర మీద కనపడేది, రెండో గడిలో వినపడేది, మూడో గడిలో బ్రీఫ్‌లో ఏ పాయింటు ఇక్కడ తీరిందో. ‘పాయింట్ 4, సాలినిటీ: చేసి చూపించాం. పాయింట్ 6, వారంటీ: డిస్క్రిప్షన్ రెండో లైను.’ అలా. కంపెనీలో మీతో మాట్లాడే మనిషికి తన పైవాళ్ళ దగ్గర టిక్కులు పెట్టి చూపించాల్సిన కాగితం ఉంటుంది. ఆ కాగితం మీరే తయారు చేసి ఇస్తే, వాక్యాల జోలికి రావడం బాగా తగ్గుతుంది.

మార్పులు రెండు విడతలే అని ముందే రాసుకోండి. మొదటిది స్క్రిప్టు మీద, షూటింగ్‌కి ముందు. రెండోది ఎడిట్ అయ్యాక, అన్‌లిస్టెడ్ లింకు పంపినప్పుడు. వస్తువు గురించి తప్పు చెప్పి ఉంటే ఎప్పుడైనా దిద్దుతాం, చెప్పే తీరు మాది, షూటింగ్ అయ్యాక కొత్త పాయింట్లు కలిపితే మళ్ళీ తీయడానికి విడిగా డబ్బు. ఈ మూడు ముక్కలు లేకపోతే తెల్లారగట్ల నాలుగున్నరకి మళ్ళీ గట్టు మీదికి వెళ్ళాల్సింది మీరే.

పెట్టాక వారం ఆగి యూట్యూబ్ స్టూడియోలో ఆడియన్స్ రిటెన్షన్ గీత తీయండి. నాలుగు ఇరవై దగ్గర చూడండి. మొదటి రెండు మూడు సెకన్లలోనే గీత కిందికి విరిగిందా? అంటే తప్పు మొదటి వాక్యంలో ఉంది, ప్రకటన గొంతు వచ్చేసింది. మొదట్లో నిలబడి, నలభయ్యో సెకను నుంచి జారిందా? సెగ్మెంట్ పొడుగైంది, లేదా కొనమనే భాగం ఎక్కువైంది. గుంటలాగా దిగి మళ్ళీ పైకి లేచిందా? వాళ్ళు తోసుకుని ముందుకెళ్ళారు, కానీ వీడియో వదల్లేదు. దిగింది దిగినట్టే ఉండిపోయిందనుకోండి, అది అన్నిటికంటే చెడ్డది. అంటే సెగ్మెంట్ వచ్చేసరికే వాళ్ళకి కావాల్సింది అయిపోయింది, వెళ్ళిపోయారు. అప్పుడు మార్చాల్సింది వాక్యాలు కాదు, చోటు. మన ఉదాహరణలో అయితే ఏరేటర్ల ప్రశ్నని వీడియో మొదట్లోనే ఒకసారి ఎత్తి, జవాబు తర్వాత చెబుతామని ఆపి ఉంచాలి.

ఈ గీతని స్పాన్సర్ లేని మీ పాత వీడియో ఒకదానితో, అదే నిమిషం దగ్గర పోల్చండి. ఏ వీడియోలో అయినా గీత మెల్లగా దిగుతూనే ఉంటుంది, ఆ దిగుడంతా స్పాన్సర్ మీద వేయకూడదు. రెండు గీతల ఫొటోలు, లింకు మీద ఎన్ని నొక్కులు పడ్డాయో ఆ లెక్క, కింద రైతులు మీటరు గురించి అడిగిన ప్రశ్నలు, ఇవి ఒక పేజీలో పెట్టి కంపెనీకి పంపండి. సాలినిటీ గురించి ప్రశ్నలు ఎక్కువ వస్తే అది కూడా రాయండి, వాళ్ళ డబ్బాలో ఉండే కాగితం సరిగ్గా చెప్పడం లేదన్నమాట. ఇప్పుడు మీ దగ్గరున్న బ్రీఫ్‌లు తీయండి, ఒక్కొక్కటీ గుర్తులు పెడుతూ చూద్దాం.